ఎక్కువ నీళ్లు, తక్కువ యాసిడ్
మొదటి ప్రాక్టికల్‌కు ముందు ల్యాబ్ టెక్నీషియన్ రాస్తున్న ఉత్తరం

డిగ్రీ మొదటి సంవత్సరం కెమిస్ట్రీ విద్యార్థులకు,

వచ్చే వారం మీ మొదటి ప్రాక్టికల్. రికార్డు కొన్నారా, తెల్లకోటు తెచ్చుకున్నారా అని మేడం అడుగుతారు. ప్రయోగం ఎలా చేయాలో, సమీకరణాలు ఎలా రాయాలో కూడా ఆవిడే చెబుతారు. నేను చెప్పబోయేది వాటికంటే ముందు తెలియాల్సిన సంగతి. మీరు వచ్చేసరికి బల్లల మీద సీసాలు సర్ది ఉంచేది నేను. మీరు వెళ్లాక గాజు సామాను కడిగి బోర్లించేదీ నేనే. అందుకని ఏ సీసా దగ్గర చెయ్యి కాలుతుందో, ఏ గాజు ఏ నిమిషంలో పగులుతుందో నాకు బాగా తెలుసు.

గోడ మీద జాగ్రత్తల పట్టిక ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది చదవండి. కానీ అన్నీ ఒక్కసారే గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి నేను ఒక్క సూత్రం మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను. యాసిడ్, నీళ్లు ఎక్కడ కలిసినా నీళ్లు ఎక్కువ ఉండాలి, యాసిడ్ తక్కువ ఉండాలి. యాసిడ్ పలచన చేసేటప్పుడూ అంతే, టెస్ట్ ట్యూబ్ కడిగేటప్పుడూ అంతే, ఖర్మ చాలక చేతి మీద పడినప్పుడూ అంతే. ఈ మాట వెనకున్న కారణం అర్థమైతే పట్టికలో సగం మీకు మీరే రాసుకోగలరు.

సీసా బరువు

మన షెల్ఫులో మూడు గాఢ యాసిడ్‌లు ఉంటాయి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ మూత తీస్తే చాలు, ముక్కులు మండే పొగ వస్తుంది. నైట్రిక్ యాసిడ్ చర్మం మీద పడితే అక్కడ పసుపు మచ్చ పడుతుంది. ఆ చర్మం ఊడి కొత్తది వచ్చేదాకా అది పోదు. ఈ రెండూ తమ ఉనికిని తామే చెప్పుకుంటాయి. మూడోది సల్ఫ్యూరిక్ యాసిడ్. దీనికి పొగ లేదు, చల్లగా ఉన్నప్పుడు వాసన లేదు, రంగు లేదు. బల్ల మీద చుక్క పడితే మంచినీళ్ల చుక్కలాగే కనిపిస్తుంది. నేను భయపడేది దీనికే.

దీన్ని మొదటిసారి చేత్తో పట్టుకున్నవాళ్లు సీసా ఇంత బరువేంటి అనుకుంటారు. ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము బరువుంటే, ఒక మిల్లీలీటరు గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ 1.84 గ్రాములు ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చే రెండున్నర లీటర్ల సీసాలో యాసిడ్ ఒక్కటే 4.6 కిలోలు, గాజు బరువు వేరే. నీళ్ల సీసా అనుకుని ఒంటిచేత్తో మెడ పట్టి లేపితే చెయ్యి కిందికి వాలుతుంది. అందుకే పెద్ద సీసాలను మీరు ముట్టుకోవద్దు, అవి నేను తెస్తాను. బల్ల మీదున్న చిన్న సీసానైనా ఒక చెయ్యి అడుగున ఆన్చి, రెండో చెయ్యి నడుము చుట్టూ వేసి పట్టుకోండి. వంచేటప్పుడు లేబుల్ అరచేతి వైపు ఉండాలి. అలాగైతే అంచు నుంచి జారే చుక్క లేబుల్ లేని వైపు దిగుతుంది. లేబుల్ చెరిగిపోదు, తర్వాత పట్టుకునేవాళ్ల అరచెయ్యీ ఆ చుక్క మీద పడదు.

ఈ బరువు సంగతి ఇంత వివరంగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. నీళ్లకంటే దాదాపు రెట్టింపు బరువున్న ద్రవం నీళ్లలో పడితే కిందికి దిగుతుంది. దాని మీద నీళ్లు పోస్తే పైన తేలుతాయి. ప్రమాదమంతా ఈ తేలడంలోనే ఉంది.

పధ్నాలుగు మిల్లీలీటర్ల లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీకు 2 నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్ 250 మి.లీ. కావాలి. సీసాలోని గాఢ యాసిడ్ సుమారు 36 నార్మల్. అంటే అందులోంచి 14 మి.లీ. తీసుకుని మిగతాది నీళ్లతో నింపితే సరిపోతుంది. లెక్క ఇంతే. కానీ ఆ 14 మి.లీ.ను నీళ్లలో పోస్తారా, దాని మీద నీళ్లు పోస్తారా అన్నదాన్ని బట్టి జరిగేది పూర్తిగా మారిపోతుంది.

సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు నీళ్లంటే విపరీతమైన ఆకర్షణ. రెండూ కలిసినప్పుడు చాలా వేడి పుడుతుంది. సరైన పద్ధతిలో, అంటే బీకరులో ముందు 230 మి.లీ. పైచిలుకు నీళ్లు ఉంచుకుని 14 మి.లీ. యాసిడ్ కొంచెం కొంచెంగా కలిపితే, పుట్టిన వేడిని అన్ని నీళ్లూ పంచుకుంటాయి. ఉష్ణోగ్రత దాదాపు 18 డిగ్రీలు పెరుగుతుంది. ల్యాబ్‌లో 30 డిగ్రీలుంటే బీకరు 48కి చేరుతుంది. చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది, అంతకుమించి ఏమీ జరగదు.

ఇప్పుడు వరుస తిరగేద్దాం. బీకరులో ముందే 14 మి.లీ. యాసిడ్ ఉంది, దాని మీద ఎవరో ఒక చెంచాడు నీళ్లు, అంటే 5 మి.లీ., పోశారు. మొత్తం కలిపి 20 మి.లీ. కూడా లేని ద్రవం ఆ వేడంతా మోయాలి. అవి పూర్తిగా కలిసిపోతే ఉష్ణోగ్రత వంద డిగ్రీలకు పైగా పెరుగుతుందని లెక్క. అసలు అవి సరిగ్గా కలవనే కలవవు. తేలికైన నీళ్లు పైన పొరలా నిలుస్తాయి, కింద యాసిడ్ ఉంటుంది, రెండూ తాకే సన్నటి పొరలోనే వేడంతా పుడుతుంది. అక్కడి నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరై ఎగురుతాయి, పోతూ పోతూ యాసిడ్ తుంపరలను వెంట తీసుకుపోతాయి. కాగిన నూనెలో తడి చెయ్యి విదిలిస్తే ఏమవుతుందో మీ అమ్మని అడగండి. కాకపోతే ఇక్కడ చిందేది నూనె కాదు, గాఢ యాసిడ్. చిందేది కూడా బీకరులోకి వంగి చూస్తున్న ముఖం మీదికే.

కాబట్టి పద్ధతి ఇది. కళ్లద్దాలు, కోటు వేసుకున్నాక బీకరులో నీళ్లు తీసుకోండి. బీకరును చల్లటి నీళ్లున్న టబ్బులో కూర్చోబెట్టండి. యాసిడ్‌ను కొలిచి, గ్లాస్ రాడ్ మీదుగా గానీ బీకరు లోపలి అంచు వెంట గానీ సన్నగా జారనివ్వండి. కొంచెం పోసి, ఆగి, రాడ్‌తో కలిపి, మళ్లీ కొంచెం పోయండి. కలపకుండా గబగబా పోస్తే బరువైన యాసిడ్ అడుగున చేరి కూర్చుంటుంది. అప్పుడు పైన నీళ్లు, కింద యాసిడ్. మళ్లీ ఆ రెండు పొరల పరిస్థితే వస్తుంది. తర్వాత రాడ్ పెట్టి కదిపిన క్షణంలో వేడి ఒక్కసారిగా బయటపడుతుంది. నీళ్లలో యాసిడ్ పోయాలన్న నియమాన్ని పాటించి కూడా కాల్చుకున్నవాళ్లు చాలావరకు ఈ కలపడం దగ్గర తొందరపడ్డవాళ్లే.

బీకరు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే మీరు వేగంగా పోస్తున్నారని అర్థం. ఆగండి, చల్లారనివ్వండి. 14 మి.లీ. కలపడానికి ఐదారు నిమిషాలు పట్టినా నష్టం లేదు.

అతి శుభ్రతతో వచ్చే చిక్కు

మీలో బుద్ధిమంతులు ఒక పని చేస్తారు. యాసిడ్ కొలవడానికి ముందు మెజరింగ్ జారును కుళాయి కింద శుభ్రంగా కడుగుతారు. కడిగి, ఒకసారి విదిలించి, అందులోకి గాఢ యాసిడ్ వంచుతారు. కడగడం మంచి అలవాటే, కానీ ఇక్కడ తప్పు. జారు అడుగున మిగిలిన నాలుగు చుక్కల నీళ్లు యాసిడ్‌తో కలిస్తే మన సూత్రం తలకిందులవుతుంది. ఎక్కువ యాసిడ్‌లో తక్కువ నీళ్లు పడ్డట్టు లెక్క. జారు వేడెక్కుతుంది, చిటపట వినిపిస్తుంది, ఒక్కోసారి చుక్క పైకి లేస్తుంది. గాఢ యాసిడ్ పోసే పాత్ర ఏదైనా సరే పొడిగా ఉండాలి. పొడి జార్లు ఎర్ర దారం కట్టి వేరే ట్రేలో పెడతాను. అవి మాత్రమే వాడండి. ట్రే ఖాళీ అయితే నన్ను పిలవండి.

సాల్ట్ అనాలిసిస్‌లో కూడా ఇదే వర్తిస్తుంది. చిటికెడు లవణం మీద గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కలు వేసే పరీక్ష మీరు మొదటి నెలలోనే చేస్తారు. టెస్ట్ ట్యూబ్ పొడిగా ఉండాలని రికార్డులో రాసి ఉంటుంది, చాలామంది దాన్ని ఏదో మర్యాదకు రాసిన మాట అనుకుంటారు. తడి ట్యూబులో వేస్తే లవణం, యాసిడ్ కలిసి బుసకొట్టి మూతి దాకా వస్తాయి.

అన్ని గాజులూ ఒకటి కావు

వేడి అన్నాం కాబట్టి గాజు సంగతి ఇక్కడే చెప్పాలి. యాసిడ్ పలచన చేసేది బీకరులోనే ఎందుకు, నేరుగా మెజరింగ్ జారులోనో స్టాండర్డ్ ఫ్లాస్కులోనో చేస్తే గీత దాకా నింపుకుని పని ముగించవచ్చు కదా అని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు.

గాజు వేడిని చాలా నెమ్మదిగా లోపలి నుంచి బయటికి పంపుతుంది. లోపలి వైపు వేడెక్కి వ్యాకోచిస్తుంది, బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది. లోపలిది సాగాలంటుంది, బయటిది సాగనివ్వదు. ఆ లాగుడు భరించలేనంతైతే గాజు పగులుతుంది. గాజు ఎంత మందంగా ఉంటే లోపలికీ బయటికీ తేడా అంత ఎక్కువ. మందం గాజు గట్టిదని మనం అనుకుంటాం. దెబ్బకు అది గట్టిదే కావచ్చు, వేడికి మాత్రం అదే ముందు పోతుంది. మెజరింగ్ జారు అడుగు మందం, రీఏజెంట్ బాటిల్ అంతా మందమే. వేడెక్కితే జారు అడుగు ఊడి చేతిలో గొట్టం, బల్ల మీద యాసిడ్ మిగులుతాయి. స్టాండర్డ్ ఫ్లాస్కుకు ఇంకో ఇబ్బంది ఉంది. దాని మెడ సన్నం కాబట్టి లోపల రాడ్ తిప్పి కలపలేం. పైగా వేడి ద్రావణాన్ని గీత దాకా నింపితే చల్లారాక మట్టం కిందికి దిగి గాఢత తప్పుతుంది.

బీకరు, కోనికల్ ఫ్లాస్క్, మంచి టెస్ట్ ట్యూబులు బోరోసిలికేట్ గాజుతో చేస్తారు. ఇలాంటి గాజును 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో ఒట్టో షాట్ తయారుచేశాడు. ఇసుకతో పాటు బోరాన్ ఆక్సైడ్ కలపడం వల్ల వేడికి ఇది సాధారణ గాజులో మూడో వంతే వ్యాకోచిస్తుంది. అందుకే మంట మీద పెట్టగలుగుతున్నాం. అయితే దీనికీ హద్దుంది. వేడి బీకరును తడి రాతి బల్ల మీద పెడితే ఇదీ పగులుతుంది. బర్నర్ మీంచి దించినదాన్ని ఆస్బెస్టాస్ లేని వైర్‌గాజు మీదో, పొడి పలక మీదో పెట్టండి.

ఏ గాజుకైనా అడుగున నక్షత్రంలా సన్నటి చీలిక కనిపిస్తే దాన్ని పక్కన పెట్టి నాకు ఇచ్చేయండి. చల్లటి నీళ్లకు అది ఒక ఏడాది నిలబడవచ్చు, వేడి తగిలిన రోజు మాత్రం ఆ చీలిక దగ్గరే విడిపోతుంది. వాడే ముందు పాత్రను కిటికీ వెలుతురుకు ఎత్తి ఒకసారి తిప్పి చూస్తే చాలు, చీలిక మెరుస్తుంది. గాజు సామాను విరిగిందంటే డబ్బు కట్టమంటారేమోనని చీలిక చూసి కూడా దాచిపెట్టేవాళ్లున్నారు. పగుళ్లున్నది తెచ్చిస్తే మీ పేరు రాయను.

ఇంకో మాట. వేడి గాజు, చల్లటి గాజు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. స్టాండు మీదున్న ట్యూబును పట్టుకునే ముందు వెనకచెయ్యిని దాని దగ్గరికి తీసుకెళ్లండి, తాకొద్దు. సెగ తగిలితే ఆగండి.

గోధుమ రంగు వలయం

ఇప్పటిదాకా రెండు పొరలు ఏర్పడకూడదని చెప్పాను. మీ సిలబస్‌లో ఒక పరీక్ష మాత్రం ఆ రెండు పొరలనే కోరుకుంటుంది. నైట్రేట్‌ను గుర్తుపట్టే బ్రౌన్ రింగ్ పరీక్ష అది. ఈ పరీక్షను జాగ్రత్తగా చూస్తే నేను చెప్పిందంతా ఒక్క టెస్ట్ ట్యూబులో కనిపిస్తుంది.

లవణ ద్రావణానికి అప్పటికప్పుడు కలిపిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం చేరుస్తారు. తర్వాత ట్యూబును వాల్చి పట్టుకుని, డ్రాపర్‌తో గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను గోడ వెంట చుక్కచుక్కగా జారవిడుస్తారు. యాసిడ్ బరువు కాబట్టి కదలకుండా అడుగుకు దిగుతుంది, పైన నీటి ద్రావణం నిలుస్తుంది. రెండూ తాకేచోట నైట్రేట్ కాస్తా నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి, ఇనుముతో జతకట్టి గోధుమ రంగు వలయంగా కనబడుతుంది. సన్నటి గీతలా మొదలై క్రమంగా ముదురుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఎప్పుడూ తొందరే. యాసిడ్ గబుక్కున పోస్తే పొరలు నిలవవు, కలిసిపోయి వేడెక్కుతాయి. ఆ వేడికి వలయం చెదిరిపోతుంది. ఇక పక్కవాళ్లకు వచ్చిన రింగు మీకు రాలేదని మేడం దగ్గరికి వెళ్తారు. ట్యూబును ఊపినా అంతే. అంటే ఈ పరీక్షలో ఒంటికి మంచిదే ఫలితానికీ మంచిది. యాసిడ్ నెమ్మదిగా దిగితే చెయ్యీ కాలదు, మార్కులూ పోవు.

అసలు ప్రమాదం వలయం వచ్చాక మొదలవుతుంది. మేడం చూసి టిక్కు పెట్టారు, పని అయిపోయింది. మనసు రిలాక్స్ అయింది. ట్యూబు కడిగేయాలి. సింకు దగ్గరికి వెళ్లి కుళాయి తిప్పి ధార కింద పెడతారు. నీళ్లు లోపలికి దూకి అడుగున ఉన్న గాఢ యాసిడ్‌ను కలియబెడతాయి. చుర్రుమంటూ ట్యూబు వేడెక్కుతుంది, లోపలిది పైకి ఎగజిమ్ముతుంది. అప్పటికి కళ్లద్దాలు కూడా తీసేసి ఉంటారు. వేడికి వదిలేస్తే ట్యూబు సింకులో పడి పగులుతుంది, ఆ ముక్కలు ఏరబోయి వేలు కోసుకుంటారు. ప్రయోగం చేస్తూ కాలినవాళ్లకంటే కడుగుతూ కాల్చుకున్నవాళ్లే నా దగ్గరికి ఎక్కువగా పరిగెత్తుకొచ్చారు.

ట్యూబులోకి నీళ్లు రానివ్వకూడదు, ట్యూబులోదే నీళ్లలోకి పోవాలి. సింకు పక్కన ప్రతి బల్లకూ ఒక ప్లాస్టిక్ టబ్బు సగానికి పైగా నీళ్లతో పెట్టి ఉంచుతాను. ట్యూబును హోల్డరుతో పట్టుకుని, మూతిని మనుషుల వైపు కాకుండా తిప్పి, టబ్బు అంచున నెమ్మదిగా వంచండి. యాసిడ్ ఎన్నో రెట్ల నీళ్లలోకి జారి చల్లబడుతుంది. ఖాళీ ట్యూబును ఆ నీళ్లలోనే ముంచి, ఆ తర్వాత కుళాయి దగ్గరికి తీసుకెళ్లండి. చివరి ట్యూబు కడిగేదాకా కళ్లద్దాలు తీయొద్దు.

ఒంటి మీద పడితే

ఈ సూత్రం చెప్పినప్పుడల్లా ఒక తెలివైన ప్రశ్న వస్తుంది. "యాసిడ్ మీద నీళ్లు పోయొద్దంటారు కదా సార్, మరి చేతి మీద పడితే నీళ్లతో కడగమంటారేంటి?"

తేడా అంతా నీళ్లు ఎన్ని అన్నదానిలోనే ఉంది. చేతి మీద ఒక చుక్క యాసిడ్ పడితే దానికి వాష్ బాటిల్‌తో రెండు చుక్కల నీళ్లు చిమ్మితే నిజంగానే వేడి పుట్టి ఇంకా కాలుతుంది. అదే కుళాయి పూర్తిగా తిప్పి చెయ్యి కింద పెడితే, ఒక్క క్షణంలో ఆ చుక్కకు వందల రెట్ల నీళ్లు తగులుతాయి. పుట్టిన వేడినీ, యాసిడ్‌నూ కలిపి పట్టుకుపోతాయి. తడిగుడ్డతో తుడవడం, వాష్ బాటిల్‌తో చిమ్మడం, చెంబులో ముంచడం ఇవన్నీ తక్కువ నీళ్ల పనులు. ధారాళంగా పారే నీళ్లు కావాలి. ముందు పొడిగుడ్డతో అద్దాలని ఎక్కడైనా చదివి ఉంటే, ఆ గుడ్డ కోసం వెతుకుతూ నిలబడకండి. కుళాయి దగ్గరికి పరుగెత్తండి.

మంట తగ్గిందని రెండు నిమిషాలకే ఆపొద్దు. గడియారం చూసి కనీసం 20 నిమిషాలు పారనివ్వండి. యాసిడ్ పడిన దుస్తులను నీళ్ల కింద ఉండగానే తీసేయాలి, ఎందుకంటే తడిసిన గుడ్డ యాసిడ్‌ను ఒంటికి అదిమి పట్టి ఉంచుతుంది. అలాంటప్పుడు సిగ్గుపడొద్దు, కోటు కప్పడానికి స్నేహితులు ఉంటారు. కంట్లో పడితే రెప్పలను వేళ్లతో విప్పి పట్టి 20 నిమిషాలపాటు నీళ్లు పారనివ్వాలి. బాధకు కన్ను దానంతట అదే మూసుకుంటుంది కాబట్టి రెప్ప పట్టుకోవడానికి ఇంకొకరి సాయం కావాలి. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, చూపు బాగానే ఉందనిపించినా సరే.

చర్మం మీద తినేసోడా రాయొద్దు. యాసిడ్‌ను క్షారంతో విరగ్గొట్టడం పుస్తకంలో బాగుంటుంది కానీ ఆ చర్యలో కూడా వేడి పుడుతుంది, అది పుట్టేది మీ ఒంటి మీదే. టూత్‌పేస్టు, సిరా, వెన్న లాంటివి కూడా వద్దు. అవి డాక్టరుకు గాయం కనబడకుండా చేస్తాయి, అంతే.

సోడా పని చేసేది బల్ల మీద, నేల మీద. యాసిడ్ ఒలికితే దాని మీద చెంబుడు నీళ్లు కుమ్మరించకండి. అది మళ్లీ తక్కువ నీళ్ల లెక్కే, పైగా యాసిడ్ ఇంకా దూరం పాకుతుంది. చుట్టుపక్కలవాళ్లను దూరం జరిపి నన్ను పిలవండి. నేను ముందు పొడి ఇసుక వేసి పారకుండా అడ్డుకట్ట వేస్తాను, ఆ తర్వాత అంచుల నుంచి మధ్యకు సోడా చల్లుకుంటూ వస్తాను. నురగ రావడం ఆగితే యాసిడ్ అయిపోయినట్టు.

డైల్యూట్ యాసిడ్ చేసే దొంగపని

గాఢ యాసిడ్‌కు భయపడినవాళ్లు కూడా డైల్యూట్ అనగానే ధైర్యం తెచ్చుకుంటారు. చేతి మీద చుక్క పడితే వెంటనే మంటా ఉండదు. ఇంట్లో చొక్కా ఉతికి ఆరేశాక మాత్రం పొట్ట దగ్గర వరసగా చిన్న చిన్న చిల్లులు కనబడతాయి. ఎలుకలు కొరికాయేమో అని అమ్మ అనుకుంటుంది.

ఎలుకలు కావు, ల్యాబ్ బల్ల అంచు. అక్కడ ఒలికిన డైల్యూట్ సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కకు మీరు ఆనుకుని నిలబడ్డారు. గుడ్డకు అంటిన చుక్కలోంచి నీళ్లు మెల్లగా ఆవిరైపోయాయి. సల్ఫ్యూరిక్ యాసిడ్ ఆవిరి కాదు, 300 డిగ్రీలు దాటితే గానీ మరగదు. నీళ్లు పోయిన కొద్దీ మిగిలిన యాసిడ్ చిక్కబడింది. నూలు దారాన్ని లోపల్లోపల తినేసింది. ఉతికే దాకా దారం రూపం నిలిచే ఉంటుంది, బండ మీద రెండు దెబ్బలు పడగానే పొడిపొడిగా రాలిపోతుంది. చొక్కాకు జరిగిందే చర్మానికీ నెమ్మదిగా జరుగుతుంది. మన సూత్రాన్ని ఎవరూ అతిక్రమించకపోయినా, గాలి నీళ్లను పట్టుకుపోయి దాన్ని తలకిందులు చేసిందన్నమాట.

అందుకే కోటు గుండీలు పెట్టుకోమంటాం. మీ వంతు మొదలయ్యే ముందు తడిగుడ్డతో బల్ల అంచు ఒకసారి తుడిచి, ఆ గుడ్డను వెంటనే కుళాయి కింద జాడించండి. మీకంటే ముందు బ్యాచి ఏం ఒలికించిందో మీకు తెలియదు. నైలాన్, పాలిస్టర్ చున్నీలను కోటు లోపల దోపుకోండి. యాసిడ్ సంగతి అటుంచి, బర్నర్ సెగకే అవి కరిగి ఒంటికి అతుక్కుంటాయి.

పిపెట్ పట్టుకునే చోటు

కోసుకునే ప్రమాదాల్లో ఎక్కువ భాగం పిపెట్ దగ్గరే జరుగుతాయి, అందుకని ఈ ఒక్కటీ చెప్పి ముగిస్తాను. యాసిడ్‌ను నోటితో పీల్చడం మన ల్యాబ్‌లో లేదు, రబ్బరు బల్బు తగిలించి తీసుకోవాలి. బల్బు రంధ్రం బిగుతుగా ఉంటుంది. దాన్ని తగిలించేటప్పుడు చాలామంది ఒక చేత్తో బల్బు, రెండో చేత్తో పిపెట్ కింది భాగం పట్టుకుని నెడతారు. మధ్యలో ఉన్న పొడవాటి గాజుగొట్టం ఆ నెట్టుడుకు వంగి విరుగుతుంది. విరిగిన కొన, అప్పటిదాకా నెడుతున్న బలంతోనే అరచేతిలోకి దిగుతుంది. ఆ గాయం లోతుగా ఉంటుంది, కుట్లు పడతాయి.

బల్బు తగిలించే కొనకు రెండు అంగుళాల దూరంలో, అంటే దాదాపు ఆనుకునే, పిపెట్‌ను పట్టుకోండి. రెండు చేతులూ దగ్గరగా ఉంటే వంగడానికి గొట్టమే ఉండదు. కొనను నీళ్లతో కాస్త తడిపి, నెట్టకుండా మెల్లగా తిప్పుతూ ఎక్కించండి. రాకపోతే బలం పెట్టొద్దు. బిగుసుకుపోయిన సీసా మూతకూ ఇదే మాట. నా దగ్గరికి తెండి.

బ్యూరెట్ నింపేటప్పుడు స్టూలు ఎక్కి కళ్లకు పైన గరాటులో యాసిడ్ పోసేవాళ్లను ఏటా చూస్తుంటాను. బ్యూరెట్‌ను క్లాంప్ వదులు చేసి కిందికి దించుకోండి, గరాటు మీ భుజం కంటే కిందికి వచ్చాకే పోయండి.

విరిగిన గాజును చేత్తో ఏరొద్దు, మామూలు చెత్తబుట్టలో వేయొద్దు. సాయంత్రం ఆ బుట్ట ఖాళీ చేసే ఆయమ్మకు లోపల గాజుందని తెలియదు, కాగితాలనుకుని చెయ్యి పెట్టి అదుముతుంది. తలుపు పక్కన చీపురు, చేట, గాజు ముక్కలకని రాసి పెట్టిన అట్టపెట్టె ఉంటాయి.

మొదటి రోజు బూట్లు వేసుకుని రండి, చెప్పులు వద్దు. జుట్టు ముడి వేసుకోండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆ రోజు మామూలు కళ్లజోడుతో వచ్చి దాని మీద ల్యాబ్ కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ సంగతి ముందే నాకు చెప్పండి. పది నిమిషాలు ముందు వస్తే కళ్లు మూసుకుని మీ బల్ల నుంచి కుళాయి దాకా నడిపిస్తాను. కంట్లో యాసిడ్ పడితే దారి చూసుకోవడానికి కళ్లుండవు కాబట్టి అడుగులు ముందే లెక్కపెట్టుకుని ఉండాలి. ఆ నడక అయ్యాకే మీ బల్ల మీద సీసా పెడతాను.

ఇట్లు
మీ కెమిస్ట్రీ ల్యాబ్ టెక్నీషియన్